జాన్ స్నో తండ్రి ఎవరు? ఏ ఎపిసోడ్‌లో చెప్పారు?

‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సిరీస్‌లో జాన్ స్నో తల్లిదండ్రులు ఎవరని అడిగితే రేగర్, లియానా అని అందరూ ఠక్కున చెప్పేస్తారు. సిరీస్ వరకు అది నిజమే. కానీ ఆ నిజం ఒక్కరోజులో తేలింది కాదు. 2016లో ఆరో సీజన్ చివరి ఎపిసోడ్‌లో, గతాన్ని చూడగల బ్రాన్ అనే పాత్రకు కనిపించిన దృశ్యం లియానా బిడ్డను చూపించి, వెంటనే జాన్ ముఖానికి వెళ్లింది. తల్లి తేలిపోయింది. రేగర్ పేరు మాత్రం అక్కడ వినిపించలేదు. తర్వాత సిరీస్‌ను ప్రసారం చేసిన చానల్ హెచ్‌బీఓ తన సైట్‌లో పెట్టిన వంశవృక్షం తండ్రిగా అతన్ని చూపించింది. కథలోని పాత్రల నోట ఆ మాట రావడానికి, రేగర్, లియానాల పెళ్లి దృశ్యం కనిపించడానికి 2017లో ఏడో సీజన్ ఆఖరి ఎపిసోడ్ దాకా ఆగాల్సి వచ్చింది.

అంటే ఆ మధ్య ఏడాదిలో సరైన జవాబు ఇలా ఉండాలి: ‘తల్లి లియానా, తెరపై చూపించారు. తండ్రి రేగర్, చానల్ చెప్పింది, కథలో ఇంకా రాలేదు.’ జవాబు రెండు వాక్యాలైనా ఏది ఎక్కడిదో స్పష్టంగా ఉంటుంది. ఇక ఈ సిరీస్‌కు మూలమైన నవలల సంగతి అడిగితే జవాబే మారిపోతుంది. 2011లో వచ్చిన అయిదో పుస్తకం వరకు ఈ విషయం ఎక్కడా తేల్చలేదు. అక్కడ అది నేటికీ ఊహే, ఎంత బలమైనదైనా సరే.

అభిమానులు ఏళ్ల ముందే కనిపెట్టారు కదా, ఇంత పట్టింపు ఎందుకని కొందరంటారు. నిజమే, కనిపెట్టారు. కథలో శవసైన్యాన్ని నడిపే విలన్ నైట్ కింగ్ కూడా బ్రానే అని అంతే ధీమాగా వాదించారు. ఆరో సీజన్ అయిదో ఎపిసోడ్‌లో చెట్టుకు కట్టేసిన ఒక మనిషిని నైట్ కింగ్‌గా మార్చడం చూపించారు. ఎనిమిదో సీజన్‌లో ఆర్య అతన్ని చంపింది. కథ ముగిసే దాకా బ్రాన్‌తో ముడి పడనే లేదు. రెండు వాదనలనూ నమ్మినవాళ్ల ధీమా ఒక్కటే. తేడా తెచ్చింది తెర మీద కనిపించిన దృశ్యమే.

పొరపాటు ఎక్కువగా ‘ఎండింగ్ ఎక్స్‌ప్లెయిన్డ్’ వీడియోల్లో మొదలవుతుంది. ‘కావచ్చు’ అన్న మాట రెండోసారి చెప్పేటప్పుడు రాలిపోతుంది, మూడోసారికి అది కథలో భాగమైపోతుంది. పసిగట్టడం తేలికే: సీజన్, ఎపిసోడ్ అడగండి. నంబర్ రాకపోతే దర్శకుడి ఇంటర్వ్యూనా, చానల్ ప్రకటనా అని అడగండి. అదీ లేకపోతే ‘అభిమానుల ఊహ’ అని వాక్యం మొదట్లోనే పెట్టాలి. చివర్లో పెడితే ఎవరూ అక్కడిదాకా చదవరు.

ఈ అలవాటు మనకు సిరీస్‌ల కంటే ముందు భారతం విషయంలో కావాలి. అభిమన్యుడి భార్య ఎవరంటే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది శశిరేఖ. వ్యాస భారతంలో ఆమె లేదు, అక్కడ విరాటపర్వంలో పెళ్లాడింది ఉత్తరను. శశిరేఖ మన జానపదం ఇచ్చిన పాత్ర. 1957 నాటి ‘మాయాబజార్’ ఆమెను ప్రతి ఇంటికీ తెచ్చింది. ఆమెను తీసేయమని ఎవరూ అనరు, నేనూ అనను. పిల్లలు అడిగినప్పుడు ‘సినిమాలో శశిరేఖ, వ్యాసుడి భారతంలో ఉత్తర’ అని రెండు పేర్లూ, రెండు చోట్లూ చెప్పాలి.