షట్టరు కంటే ముందు కాగితం

హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట వైపు వెళ్తుంటే 'షట్టరు కిరాయికి' అన్న బోర్డులు కంటపడుతూనే ఉంటాయి. మూసి ఉన్న షట్టరు మీద పాత పేరు ఇంకా చెరగదు. కర్రీ పాయింటు, మగ్గం వర్క్, మొబైల్ రిపేరు. పక్క వీధిలో ఒకరికి నడిచింది కదా అని పెట్టినవే వీటిలో ఎక్కువ. అవి మూతపడింది పెట్టిన వారికి పని రాక కాదు. తమ దగ్గర ఏమేమి ఉన్నాయో లెక్క చూసుకోకముందే ఏం పెట్టాలో తేల్చేసుకున్నారు.

ఈ తప్పులో మన రుణ దరఖాస్తులకూ భాగం ఉంది. స్వయం ఉపాధికి అప్పు కావాలని వెళ్ళిన మనిషిని మొదట అడిగేది 'ఏ యూనిట్ పెడతారు?' అని. అప్పటికప్పుడు నోటికి వచ్చేది కిరాణా, గేదెలు, టైలరింగు. ఆ గడిలో ఒక పేరు పడిందంటే మిగతా ఆలోచన అంతా దాన్ని సమర్థించుకోవడానికే సరిపోతుంది. ఎంపిక చివర రావాలని, దానికి ముందు ఒక జాబితా ఉండాలని మేము అంటున్నది అందుకే.

లెక్క కోసం వరంగల్ కరీమాబాదులో ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇంటాయన ఆటో నడుపుతాడు. ఇద్దరు పిల్లలు బడికి వెళ్తారు. ఇల్లాలు ఇంటర్ దాకా చదివింది, పెళ్ళికి ముందు రెండేళ్ళు బట్టల దుకాణంలో పనిచేసింది. ఒక కాగితాన్ని నైపుణ్యాలు, పనిముట్లు, పరిచయాలు, ఖాళీ గంటలు అని నాలుగు నిలువు గడులు చేసి ఆమె ముందు పెడితే, మొదటి గడిలో 'ఇంటర్' అని రాస్తుంది. అది కొట్టేయాలి. అక్కడ రాయాల్సింది చదువు కాదు, ఇతరులు తనను పిలిచి చేయించుకున్న పని. పక్కింటి వాళ్ళు చీరకు ఫాల్ కుట్టమని తెచ్చిస్తారు. సంక్రాంతికి సకినాలు చుట్టడానికి నాలుగిళ్ళ వాళ్ళు పిలుస్తారు. బ్లౌజులు కుడుతుంది. దుకాణానికి వచ్చిన మనిషిని చూడగానే కొలత చెప్పగలదు. ఇవీ ఆమె నైపుణ్యాలు. డబ్బిచ్చి చేయించుకున్న వాటి పక్కన ఒక గీత పెడితే, మెప్పుకోలు ఏదో గిరాకీ ఏదో తెలుస్తుంది.

పనిముట్ల గడి చిన్నదే కానీ, నిజాయితీగా నింపాలి. ఆమెకు కాలితో తొక్కే కుట్టుమిషను ఉంది. దానితో సాదా కుట్టే పడుతుంది, పికోకు వేరే మిషను కావాలి. ఫోను ఉంది గానీ పగలు భర్త దగ్గర ఉంటుంది, కాబట్టి సగమే ఉన్నట్టు. భర్త ఆటో మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తుంది. అది కూడా పనిముట్టే.

పరిచయాల గడిలో చుట్టాల పేర్లే నిండుతాయి. చుట్టాల దగ్గర కూలి అడగడం మన ఇళ్ళలో ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. ఆ పేర్లు తీసేసి, వారం లోపల పని ఇచ్చి డబ్బు కూడా ఇవ్వగల వారు ఎవరని అడిగితే, ఇరవై పేర్లలో ఆరేడు మిగులుతాయి. ఆ మిగిలిన వాటిలో, రాసేటప్పుడు ఆమెకు తట్టనే తట్టని పేరు ఒకటి ఉంటుంది: తాను పనిచేసిన బట్టల దుకాణం యజమాని.

అసలు చిక్కు నాలుగో గడిలో ఉంది. ఖాళీ ఎంత అంటే 'పిల్లలు బడికి వెళ్తే పగలంతా ఖాళీయే, రోజుకు అయిదు గంటలు' అంటుంది. ఈ గడిని నోటిమాటతో నింపకూడదు. వారం రోజుల పాటు, ఏ గంటకు ఏం చేసిందో అదే రోజు రాత్రి రాసుకోవాలి. అలా రాస్తే తేలేది వేరు. పొద్దున 11 నుంచి ఒంటిగంట దాకా ఎవరూ కదిలించని రెండు గంటలు దొరుకుతాయి. అవీ ఆరు రోజులూ దొరకవు, ఒకరోజు బ్యాంకు, ఒకరోజు సంఘం మీటింగు తినేస్తాయి. నాలుగు రోజులకు 8 గంటలు. మిగతాది మధ్యాహ్నం, సాయంత్రం ఇరవై నిమిషాలు, అరగంట చొప్పున ముక్కలు ముక్కలుగా వారానికి మరో 7 గంటలు. ముప్పై అనుకున్నవి పదిహేనయ్యాయి, అందులోనూ సగం ముక్కలే.

గంటల మొత్తం కంటే ఈ తేడాయే ముఖ్యం. లైనింగ్ బ్లౌజుకు ఆమె చేతికి 3 గంటలు పడుతుందనుకుందాం. కత్తిరించి మిషను మీద కుట్టడానికి రెండు గంటలు, హెమ్మింగుకూ హుక్కులకూ ఒక గంట. మిషను పనికి ఎడతెగని సమయం కావాలి, చేతి కుట్టు ముక్కల్లో అయిపోతుంది. అంటే వారానికి నాలుగు బ్లౌజులు. ఒక్కోదానికి 250 రూపాయలు తీసుకుని లైనింగు, దారం, హుక్కులకు 70 పోగా 180 మిగిలితే, వారానికి 720. ముక్కల్లో ఇంకా 3 గంటలు మిగిలాయి. పాత యజమాని ఇక్కడ పనికొస్తాడు. దుకాణంలో కొన్న డ్రెస్సుల పొడవు తగ్గించడం, పక్కలు బిగించడం ఒక్కోటి ఇరవై నిమిషాల పని. దుకాణం 30 రూపాయలిస్తే తొమ్మిదింటికి 270. బట్టలు తెచ్చేది, తీసుకుపోయేది భోజనానికి వచ్చే ఆటో. రెండూ కలిపితే వారానికి వెయ్యికి పది తక్కువ. ఆ వీధిలో షట్టరు అద్దె నెలకు 4,000 అనుకుంటే, టైలరింగు దుకాణం పెట్టిన ఇల్లాలు అద్దె కోసమే కుట్టినట్టు అవుతుంది.

ఆల్టరేషన్ల పని ఆమెకు ముందుగా తోచింది కాదు. దుకాణం పేరును, సాదా మిషనును, ముక్కల గంటలను పక్కపక్కన చూసినప్పుడు బయటపడింది. అందులోనూ లోపం ఉంది. ఒక్క దుకాణం మీదే ఆధారపడాలి, ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఆగితే ఆ పనీ పలచబడవచ్చు. ఆ మాట కూడా దాని పక్కనే రాసుకోవాలి.

సకినాల సంగతి ఇంకోలా ఉంటుంది. బియ్యం నానబెట్టి, పిండి పట్టించి, గుడ్డ మీద చుట్టి, ఆరనిచ్చి కాల్చడానికి ఇద్దరు ముగ్గురు చేతులూ ఒక పూట మొత్తమూ కావాలి. రెండు గంటల్లో తేలదు. రోజువారీ వరుసలో కొట్టేసి, సంక్రాంతి ముందు ఆదివారాలకు, పెళ్ళిళ్ళ సారెలకు వేరే వరుసలో ఉంచుకోవచ్చు.

ఎవరు డబ్బిస్తారు, ఏ పనిముట్టుతో, ఏ గంటల్లో అన్న వాటిలో ఒకటైనా ఖాళీగా ఉన్న పని రెండో కాగితంలోకి పోవాలి. పికో అక్కడికే వెళ్తుంది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది, పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఇస్తారు. ఇంట్లో ఒకరికే అవకాశం. కానీ దరఖాస్తు వేయడం వేరు, మిషను ఇంటికి రావడం వేరు. రాని మిషను మీద వచ్చే ఆదాయాన్ని మొదటి కాగితంలో రాస్తే, ఆ లెక్క మీదే అప్పు తెచ్చుకుంటారు.

వరంగల్ బస్తీల్లో మెప్మా మహిళా పొదుపు సంఘాలు నెలనెలా కూర్చుంటూనే ఉన్నాయి. రుణ దరఖాస్తు నింపే మీటింగుకు ముందు ఒక మీటింగును ఈ కాగితానికే కేటాయించాలని, వారం రోజుల గంటల లెక్క తెచ్చిన వారికే యూనిట్ పేరు రాసే గడి చూపించాలని మేము కోరుతున్నాం. ఖర్చు సభ్యురాలికొక తెల్లకాగితం. ఆలస్యమయ్యేది ఒక నెల.