ముఖానికి రాసే యాసిడ్‌లు అన్నీ ఒకటి కావు

“యాసిడ్ సీరమ్‌లన్నీ ఒకటే. పేర్లు చూసి మోసపోకండి, పర్సెంట్ చూసి కొనండి. ఎంత ఎక్కువ ఉంటే అంత త్వరగా నలుపు పోతుంది. మండితే పనిచేస్తున్నట్టు, పొట్టు లేస్తే లోపలి నలుపు బయటికి వస్తున్నట్టు. జిడ్డు చర్మమైనా పొడి చర్మమైనా తేడా లేదు. పీహెచ్‌ఏ అంటూ అమ్మేది ధర పెంచడానికి పెట్టిన పేరు.”

తిరుపతిలో మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టును నేను. ఈ మెసేజ్ ఫోన్లో చూపించి “ఇందులో ఏది ఎక్కువ పర్సెంటో అదివ్వండి” అని అడిగేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురు వస్తున్నారు. పోయిన వేసవిలో వచ్చిన ఒక అమ్మాయిని చూశాకే దీనికి జవాబు రాయాలనిపించింది. ఆమెకు ఇరవై రెండేళ్లు. తిరుచానూరు నుంచి రోజూ స్కూటీ మీద టౌన్లోని బట్టల షాపుకు పనికి వస్తుంది. నుదుటి నిండా సన్నటి తెల్ల గుల్లలు, బుగ్గల మీద పాత మొటిమలు మిగిల్చిన గోధుమరంగు మచ్చలు. ఆన్‌లైన్‌లో 30 శాతం గ్లైకాలిక్ యాసిడ్ ఉన్న పీల్, అంటే చర్మం పైపొరను ఊడదీసే గాఢమైన యాసిడ్ పూత, తెప్పించుకుని, పది రోజుల్లో మూడుసార్లు వేసుకుంది. మూడోసారి మంట ఆగలేదు. “పని చేస్తాండాదిలే అని ఓర్చుకున్నానక్కా” అంది. మాస్కు తీసి చూపిస్తే ముక్కు పక్కన, రెండు బుగ్గల మీద చర్మం ఎర్రగా, ప్లాస్టిక్ కాగితంలా మెరుస్తూ ఉంది.

ముందు పేర్ల సంగతి. చర్మం పైపొరలో చనిపోయిన కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఆ అతుకును వదులు చేయడమే ఈ యాసిడ్‌లన్నీ చేసే పని. అంతవరకు పోలిక ఉంది. ఏ దారిన వెళతాయి, ఎంత వేగంగా వెళతాయి అన్న చోటే తేడా వస్తుంది. ఏహెచ్‌ఏలు, అంటే గ్లైకాలిక్, లాక్టిక్, మాండెలిక్ యాసిడ్‌లు, నీళ్లలో కరిగేవి. ఇవి ముఖ్యంగా చర్మం పైభాగంలోనే పనిచేస్తాయి. బీహెచ్‌ఏ పేరుతో మనకు దొరికేది సాలిసిలిక్ యాసిడ్. అది నూనెలో కలుస్తుంది. మొటిమకు మూలం చర్మ రంధ్రం లోపల గడ్డకట్టిన జిడ్డూ మృతకణాలూ కాబట్టి, ఆ జిడ్డులోకి దూరగలిగేది దానికి బాగా పనికొస్తుంది. పైగా సాలిసిలిక్ వాపును కూడా కొంత తగ్గిస్తుంది. ఆ అమ్మాయి నుదుటి మీది గుల్లలు సరిగ్గా ఇలా మూసుకుపోయిన రంధ్రాలే. గ్లైకాలిక్ వాటికి అసలు పనికిరాదని కాదు. కానీ 2 శాతం సాలిసిలిక్ నెమ్మదిగా చేసే పనికి ఆమె 30 శాతం గ్లైకాలిక్‌తో ముఖమంతా కాల్చుకుంది.

ఏహెచ్‌ఏల్లోనూ అన్నీ సమానం కాదు. గ్లైకాలిక్ అణుభారం 76, లాక్టిక్‌ది 90, మాండెలిక్‌ది 152. అణువు ఎంత చిన్నదైతే అంత వేగంగా లోపలికి పోతుంది, అంత త్వరగా మంట పుట్టిస్తుంది. మాండెలిక్ పెద్దది కాబట్టి మెల్లగా దిగుతుంది. మన చామనఛాయ చర్మానికి, మొటిమల మచ్చలకు నేను గ్లైకాలిక్ కంటే ముందు దాన్నే చెబుతాను. లాక్టిక్ యాసిడ్‌కు తేమను పట్టి ఉంచే గుణం ఉంది. అందుకే పొడిబారి కళతప్పిన చర్మానికి 5 శాతం లాక్టిక్ మంచి మొదలు. మోచేతుల పైన గరుకుగా చిన్న పొక్కుల్లా ఉండేవాళ్లకు 12 శాతం లాక్టిక్ లోషన్ కూడా పడుతుంది. ఒంటి చర్మం ముఖం కంటే మందం.

ఇక పర్సెంట్. సీసా మీది అంకె మొత్తం యాసిడ్ ఎంత కలిపారో చెబుతుంది. అందులో ఎంత చర్మంలోకి సులువుగా వెళ్లే రూపంలో ఉందో ఆ అంకెలో ఉండదు, పీహెచ్‌లో ఉంటుంది. పీహెచ్ అంటే పులుపును చూపే కొలత, అది తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది. గ్లైకాలిక్ యాసిడ్‌నే తీసుకోండి. పీహెచ్ 3.8 దగ్గర అందులో దాదాపు సగమే చురుకైన రూపంలో ఉంటుంది. పీహెచ్ 4.8కి పెరిగితే ఆ వాటా సుమారు పదో వంతుకు పడిపోతుంది. అంటే 3.8 పీహెచ్ ఉన్న 5 శాతం సీరమ్‌లో చురుకైన యాసిడ్ రెండున్నర శాతం దాకా ఉంటే, 4.8 పీహెచ్ ఉన్న 10 శాతం సీరమ్‌లో ఒక శాతమే ఉంటుంది. పెద్ద అంకె చూసి కొన్నవాళ్లకు తక్కువ దక్కింది. దీనికి ఎదురు కూడా జరుగుతుంది: అంకె మామూలుగానే కనబడుతుంది, పీహెచ్ బాగా తక్కువగా ఉండి ముఖం కాలుతుంది. ఇంట్లో రోజూ వాడే గ్లైకాలిక్, లాక్టిక్ సరుకులో యాసిడ్ 10 శాతం మించకూడదు, పీహెచ్ 3.5కి తగ్గకూడదు అని అమెరికాలో కాస్మెటిక్ పదార్థాలను పరిశీలించే నిపుణుల బృందం చెప్పింది. నేను కౌంటర్ దగ్గర పాటించే గీత అదే. సాలిసిలిక్ అయితే ముఖానికి అర శాతం నుంచి 2 శాతం. 20, 30 శాతం పీల్స్ డాక్టరు ఎదురుగా, గడియారం చూసుకుంటూ వేసేవి.

మంట గురించి మన చిత్తూరు వాళ్లకు వేరేగా చెప్పనక్కర్లేదు. మామిడికాయ కోసేటప్పుడు సొన చెంప మీద చిందితే ఏమవుతుంది? మొదట చురుక్కుమంటుంది, తర్వాత ఎర్రగా కందుతుంది, వారం పది రోజులకు అక్కడ నల్ల మచ్చ పడుతుంది. ఆ మచ్చ నెలల తరబడి పోదు. మన చర్మంలో రంగు తయారుచేసే కణాలు చురుకైనవి. కాలినా, గీరుకున్నా, కందినా అవి మెలనిన్‌ను ఎక్కువగా తయారుచేసి అక్కడ నింపుతాయి. యాసిడ్ సీరమ్ మంట కూడా ఇదే దారిలో వెళుతుంది. రాయగానే ఒకటి రెండు నిమిషాలు చిమచిమలాడి తగ్గిపోతే సరే. ఐదు నిమిషాలైనా తగ్గకపోతే వెంటనే మామూలు నీళ్లతో బాగా కడిగేయాలి. యాసిడ్‌కు విరుగుడని వంటసోడా రుద్దకూడదు, అది ఇంకో దెబ్బ. మర్నాటికి కూడా ఎరుపు ఉన్నా, చర్మం బిగుసుకుపోయి మెరుస్తున్నా, రోజూ రాసే మాయిశ్చరైజర్ కూడా మండుతున్నా చర్మం పైగోడ దెబ్బతిన్నట్టే.

పొట్టులో రాలేది పైన చచ్చిపోయిన కణాలు. మొటిమల మచ్చ రంగు కొంత పైపొరలో ఉంటుంది. అది యాసిడ్‌తో మెల్లగా తగ్గుతుంది, పొట్టు కంటికి కనబడకుండానే తగ్గుతుంది. లోపలి పొరలోకి దిగిన రంగు ఏ సీరమ్‌కూ అందదు. బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కల్లా వచ్చే మంగు మచ్చలు వేరే జబ్బు. వాటి మీద గట్టి యాసిడ్ రాసి కందించుకుంటే మంగు ఇంకా ముదురుతుంది. మెడ వెనక మందంగా, మఖమల్ గుడ్డలా నల్లబడితే దానికి కూడా పీల్ కాదు, షుగర్ పరీక్ష కావాలి.

పీహెచ్‌ఏను తీసిపారేయడం నాకు బాధ కలిగించిన మాట. దాని అవసరం ఎక్కువ ఉన్నవాళ్లే ఈ మాట నమ్మి దూరం పెడుతున్నారు. పీహెచ్‌ఏల్లో గ్లూకోనోలాక్టోన్ అణుభారం 178, లాక్టోబయోనిక్ యాసిడ్‌ది 358. పెద్దవి కాబట్టి చాలా నెమ్మదిగా దిగుతాయి, మంట తక్కువ. వాటి నిర్మాణంలో నీటిని పట్టుకునే చోట్లు ఎక్కువ ఉంటాయి, అందుకని చర్మాన్ని ఎండబెట్టవు. మా అత్తగారిది పొడి చర్మం, 5 శాతం లాక్టిక్ కూడా ఆమెకు మంటగా ఉండేది. గ్లూకోనోలాక్టోన్ ఉన్న లోషన్ వారానికి మూడు రాత్రులు మొదలుపెట్టారు. ఆరు వారాలకు బుగ్గల గరుకు తగ్గింది, ఒక్కరోజు కూడా కందలేదు. దాని హద్దు కూడా చెప్పాలి: మూసుకుపోయిన రంధ్రాలకు సాలిసిలిక్ చేసే పని ఇది చేయదు.

మెసేజ్‌లో అసలే లేని విషయం ఎండ. గ్లైకాలిక్ లాంటి ఏహెచ్‌ఏలు వాడుతున్నప్పుడు చర్మం ఎండకు త్వరగా కందుతుంది. మానేశాక కూడా ఒక వారం దాకా జాగ్రత్త కావాలని అమెరికా ఎఫ్‌డీఏ 2005లో లేబుల్ హెచ్చరికలో రాయమంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ సంగతి తెలిసిందే కదా. ఉదయం సన్‌స్క్రీన్ రాయనివాళ్లు రాత్రి ఏహెచ్‌ఏ రాయకపోవడమే నయం. ఇంకొకటి, కొండ మీద గుండు చేయించుకుని, గడ్డం తీయించుకుని వచ్చిన రోజున, త్రెడింగ్ చేయించుకున్న రోజున ఆ చోట ఏ యాసిడ్ సీరమ్ వద్దు. కత్తి తగిలిన చర్మంలో కంటికి కనబడని గాట్లుంటాయి.

ఆ అమ్మాయికి ఆరోజు నేను ఏ సీరమూ ఇవ్వలేదు. నాలుగు వారాలు నురగ తక్కువ ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, ఉదయం సన్‌స్క్రీన్, అంతే. పొక్కు లేచినా రసి కారినా రుయా ఆస్పత్రి చర్మవ్యాధుల విభాగానికి వెళ్లమన్నాను. ఎరుపు తగ్గి మాయిశ్చరైజర్ మండడం ఆగాక, సాలిసిలిక్ ఆస్పిరిన్ కుటుంబానిదే కాబట్టి ఆస్పిరిన్ పడదా అని, గర్భం సంగతి అని అడిగి తెలుసుకుని, 2 శాతం సాలిసిలిక్ ఇచ్చాను. నుదురు, ముక్కు వరకే, మూడు రోజులకొక రాత్రి, పల్చటి పూత. నెల తర్వాత రోజు మార్చి రోజు. ఎనిమిదో వారానికి నుదుటి గుల్లలు సగానికి పైగా తగ్గాయి. అప్పుడు బుగ్గలకు 10 శాతం మాండెలిక్ మొదలుపెట్టాం. ముందు దవడ కింద రెండు రాత్రులు రాసి చూసి, ఆ తర్వాత వారానికి ఒకసారి, సాలిసిలిక్ రాయని రాత్రి. పాత మొటిమల మచ్చలు పలచబడుతున్నాయి. పీల్ కాల్చిన మచ్చలే ఇంకా మొండిగా ఉన్నాయి.

పోయిన నెల వాళ్లమ్మను తీసుకొచ్చింది. “అమ్మకు కూడా ఏదైనా ఇవ్వక్కా, నీళ్లు తగిలినా మంటే అంటుండాది” అంది. ఆమెది పొడి చర్మం, చూడగానే పీహెచ్‌ఏ గుర్తొచ్చింది. కానీ బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు కనబడుతున్నాయి. ఏం రాస్తున్నారని అడిగితే, ఫ్యాన్సీ షాపులో కొన్న తెల్లబడే క్రీము మూడేళ్లుగా రాస్తున్నానంది. రాయడం మానితే ముఖం మండి ఎర్రబడుతుందట. అందులో స్టెరాయిడ్ ఉందని నా అనుమానం. అలా పలచబడిన చర్మానికి ఎంత మెత్తటి యాసిడైనా ఇప్పుడే వద్దు. క్రీము ఎలా మానాలో కూడా డాక్టరే చెప్పాలి. ఆరోజు ఆమె చేతిలో పెట్టింది ఒక మాయిశ్చరైజర్ ట్యూబు, ఆ క్రీము డబ్బాను కూడా వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించమని రాసిన చీటీ.