గెస్ట్ వైఫై ఆన్ చేసినంత మాత్రాన కౌంటర్ కంప్యూటర్ క్షేమం కాదు

“వైఫై సేఫ్టీకి టెక్నీషియన్‌కి డబ్బులు తగలెయ్యకండి. ఒకటి: నెట్‌వర్క్ పేరు హైడ్ చేసి పది అంకెల పాస్‌వర్డ్ పెట్టండి, ఎవడూ దూరలేడు. రెండు: గెస్ట్ వైఫై ఆన్ చెయ్యండి, కస్టమర్లు మీ కంప్యూటర్ల జోలికి రాలేరు. మూడు: ఫోన్లో వైఫై లిస్టు చూడండి, కొత్త పేరు లేకపోతే దొంగ వైఫై లేనట్టే. అందరికీ షేర్ చెయ్యండి.”

విజయనగరంలో షాపులకీ లాడ్జిలకీ నెట్‌వర్క్ పని చేసేవాణ్ణి నేను. ఈ మెసేజి నమ్మి ధీమాగా ఉన్నవాళ్ళని వరసగా చూస్తున్నాను కాబట్టి జవాబు రాయక తప్పలేదు. చెప్పేదంతా ఒక్క చోట చూసిందే. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మూడంతస్తుల లాడ్జి అది. సిరిమానోత్సవానికి గదులన్నీ నిండిపోతాయి, ఆలోగా వైఫై ఒకసారి చూసిపెట్టమని ఓనరు పిలిచారు. ఆయన అనుమతితో, ఆయన పక్కనుండగానే ఈ పరీక్షలు చేశాను. వేరేవాళ్ళ నెట్‌వర్క్ మీద అడగకుండా చేస్తే అది నేరం.

మొదటి మాట సంగతి. రూటరు సెకనుకు సుమారు పదిసార్లు ‘నేనిక్కడున్నాను’ అని తన పేరు చాటుతూ ఉంటుంది. హైడ్ చేస్తే ఆ చాటింపులో పేరు ఖాళీగా వెళ్తుంది, అంతే. ఫోను కనెక్ట్ అయ్యేటప్పుడు మాత్రం పేరు బయటికి చెప్పాల్సిందే, ఆ మాటకి ఎన్‌క్రిప్షన్ ఉండదు. వినేవాడికి ఒక్క ఫోను కనెక్ట్ అయితే చాలు. పైగా హైడ్ చేసిన నెట్‌వర్క్‌ని సేవ్ చేసుకున్న ఫోను, అది ఎదురుగా ఉందో లేదో తెలియక, వెళ్ళిన ప్రతిచోటా దాన్ని పేరు పెట్టి పిలుస్తుంది. మీ లాడ్జి వైఫై పేరు కోట జంక్షన్లో టీ కొట్టు దగ్గర కూడా గాల్లోకి వెళ్తోందన్నమాట.

ఇక పది అంకెలు. ఆ లాడ్జిలో పాస్‌వర్డ్ ఓనరు సెల్ నంబరే, అది బయట బోర్డు మీదే ఉంది. బోర్డు మీద లేదనుకున్నా లెక్క చూడండి. మన సెల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి, కాబట్టి మొత్తం 400 కోట్లకి మించవు. చాలా రూటర్లలో ఉండే వైఫై రక్షణ పద్ధతి డబ్ల్యూపీఏ2లో ఫోను కనెక్ట్ అయ్యేటప్పుడు రూటరుకీ ఫోనుకీ మధ్య నాలుగు సందేశాలు నడుస్తాయి. వాటిని రికార్డు చేసుకున్నవాడు ఇంటికి పోయి, మీ రూటరుతో పనిలేకుండా, ఒక్కో నంబరూ పెట్టి చూసుకోవచ్చు. మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకి పది లక్షలదాకా చూడగలదు. 400 కోట్లని పది లక్షలతో భాగిస్తే నాలుగు వేల సెకన్లు. అంటే గంటా పది నిమిషాల లోపు పని అయిపోతుంది, రూటరులో ఎక్కడా ఆనవాలు కూడా ఉండదు.

పొడవుతో పాటు ఊహకందకపోవడం ముఖ్యం. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు చీటీలు వేసి తీసి, ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే, చెప్పడానికీ టైప్ చెయ్యడానికీ తేలిక, ఊహించడం కష్టం. రూటరులో దాని తర్వాతి పద్ధతి డబ్ల్యూపీఏ3 ఉంటే ఇంకా మంచిది. అందులో రికార్డు చేసుకుపోయి ఇంట్లో ప్రయత్నించడం కుదరదు, ప్రతి ప్రయత్నానికీ రూటరునే అడగాలి. కాకపోతే పాత ఫోన్ల కోసం డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపి పెడితే, డబ్ల్యూపీఏ2తో కలిసే ఫోన్ల దగ్గర పాత బలహీనత అలాగే ఉంటుంది. రూటరు సెట్టింగుల పేజీలో, పాస్‌వర్డ్ బదులు పిన్ కొట్టి కలవనిచ్చే డబ్ల్యూపీఎస్ పిన్ ఆన్‌లో ఉంటే ఆపెయ్యండి. ఎనిమిది అంకెల పిన్ అయినా రూటరు దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతావాటి నుంచే వస్తుంది. అందుకే గరిష్ఠంగా 11,000 ప్రయత్నాలు చాలు. ఈ లోపం 2011లోనే బయటపడింది.

అసలు మోసం రెండో మాటలో ఉంది.

ఆ లాడ్జిలో ఇంటర్నెట్ ఆపరేటరు ఇచ్చిన రూటరు రిసెప్షన్‌లో ఉంది. దాని పక్కనే ఒక స్విచ్, స్విచ్‌కి బిల్లింగ్ కంప్యూటరు, ప్రింటరు, సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె డీవీఆర్. అందరి చిరునామాలూ 192.168.1తో మొదలయ్యేవే. రెండో అంతస్తులో సిగ్నల్ కోసం ఓనరు ఇంకో రూటరు కొని, కింది స్విచ్ నుంచి కేబుల్ లాగి దాని వ్యాన్ పోర్టులో, అంటే ఇంటర్నెట్ వైపు పోర్టులో, పెట్టించారు. గెస్ట్ వైఫై ఆన్ చేసింది ఈ పై రూటరులో.

నేను ఫోనుని ఆ గెస్ట్ వైఫైకే కలిపాను. నాకొచ్చిన చిరునామా 192.168.3తో మొదలైంది. చూడ్డానికి వేరే నెట్‌వర్కే. బ్రౌజర్లో 192.168.1.108 అని కొట్టాను. డీవీఆర్ లాగిన్ పేజీ తెరుచుకుంది. ఫోను ఓనరు చేతికిచ్చాను.

“అదేటి బాబూ, గెస్ట్ అనే కదా పెట్టాం?”

“పెట్టారు బాబాయ్, గడియే అవతలివైపు పడింది.”

ఎందుకలా అయింది? పై రూటరుకి తెలిసిన ‘ఇల్లు’ దాని సొంత నెట్‌వర్కే. గెస్టుల్ని అందులోకి పోనివ్వదు, ఆ మాట నిజంగానే నిలబెట్టుకుంది. మిగతాదంతా దాని లెక్కలో ఇంటర్నెట్. ఇంటర్నెట్‌కి వెళ్ళే దారిలో మొదటి మజిలీ రిసెప్షన్ నెట్‌వర్కే. గెస్టు అడిగిన 192.168.1.108ని కూడా బయటి చిరునామాగానే భావించి, తన పేరు మీద పంపించి, జవాబు తెచ్చి ఇచ్చింది. రిసెప్షన్ నుంచి గెస్టు ఫోన్లకి దారి లేదు, గెస్టు ఫోన్ల నుంచి రిసెప్షన్‌కి ఉంది. కావలసినదానికి సరిగ్గా తిరగబడింది.

పై రూటరుని, సొంత నెట్‌వర్క్ లేకుండా వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మారిస్తే పోతుందనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. చాలా ఇంటి రూటర్లలో ఆ మోడ్‌లో గెస్టు కట్టడి పనిచెయ్యదు, గెస్టులు నేరుగా 192.168.1లోనే దిగుతారు. కొన్ని మోడళ్ళు లోపలి చిరునామాలన్నిటినీ తామే ఆపుతాయి. పెట్టె మీద రాసింది కాదు, గెస్ట్ వైఫైకి కలిసి మన కంప్యూటరు చిరునామా కొట్టి చూడ్డమే పరీక్ష. ఒక జాగ్రత్త: ‘ఉన్నావా’ అని అడిగే పింగ్‌కి విండోస్ కంప్యూటరు ఫైర్‌వాల్ వల్ల మామూలుగా జవాబివ్వకపోవచ్చు. పింగ్ రాలేదని దారి మూసుకుందనుకోవద్దు. ప్రింటరు, డీవీఆర్ లాంటి వెబ్ పేజీ ఉన్నవాటిని తెరిచి చూడండి.

సరైన పద్ధతి వీల్యాన్. ఒకే కేబుల్ మీద గెస్టులకొక దారి, ఆఫీసుకొక దారి వేరుచేసి, వాటి మధ్య రాకపోకల్ని మొదటి రూటరులోనే ఆపాలి. దానికి రూటరు, స్విచ్, యాక్సెస్ పాయింట్ మూడూ వీల్యాన్ అర్థం చేసుకునేవి కావాలి. లాడ్జిలో అవి లేవు, పండగ దగ్గరపడింది. కాబట్టి వరస తిరగేశాం. రిసెప్షన్‌లో చిన్న రూటరు కొత్తగా పెట్టి, బిల్లింగ్ కంప్యూటరు, ప్రింటరు, డీవీఆర్ మూడింటినీ దాని లోపలికి మార్చాం. డీవీఆర్‌కి చిరునామా చేత్తో పెట్టి ఉంది, అది మార్చాల్సి వచ్చింది. ఓనరు ఫోన్లో కెమెరాలు యాప్ ద్వారా వస్తాయి గనక ఆ పని ఆగలేదు. పై రూటరు యాక్సెస్ పాయింట్ అయింది, గెస్టులందరూ ఆపరేటరు రూటరు నెట్‌వర్కులోనే ఉంటారు. ఇప్పుడు గెస్టు వైపు నుంచి కొత్తగా వచ్చే కనెక్షన్లని చిన్న రూటరు గుమ్మంలోనే ఆపేస్తుంది.

ఈ ఏర్పాటుకీ హద్దులున్నాయి. లాడ్జి వాళ్ళ ఇంటర్నెట్ ట్రాఫిక్ గెస్టుల నెట్‌వర్క్ మీదుగానే బయటికెళ్తుంది, కాబట్టి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎన్‌క్రిప్షన్ ఉండే హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తోందో లేదో చూశాం. ఆపరేటరు రూటరు లాగిన్ పేజీ గెస్టులకి ఇప్పటికీ కనిపిస్తుంది, అందుకే దాని పాత అడ్మిన్ పాస్‌వర్డ్ ఆ రోజే మార్చాం. గెస్టులు ఒకరి ఫోను ఒకరికి కనపడకుండా పై దాంట్లో ఏపీ ఐసొలేషన్ ఆన్ చేశాం. ఆ కట్టడి ఒక్క యాక్సెస్ పాయింట్ పరిధిలోనే పనిచేస్తుంది గనక, ఆపరేటరు రూటరులో వైఫైని పూర్తిగా ఆపేశాం.

మూడో మాటకి జవాబు అదే లాడ్జిలో మూడో అంతస్తులో దొరికింది. ఫోను లిస్టులో కొత్త పేరేమీ లేదు. ఎందుకుంటుంది? ఒకే పేరుతో ఎన్ని పెట్టెలున్నా ఫోను మామూలుగా ఒక్క పేరే చూపిస్తుంది. లాప్‌టాప్‌లో ఈ కమాండ్ ఇచ్చాను. కొత్త విండోస్‌లో లొకేషన్ ఆన్ చెయ్యమని అడగవచ్చు.

```
netsh wlan show networks mode=bssid
```

లాడ్జి పేరు రెండుసార్లు వచ్చింది. ఒకచోట `WPA2-Personal`, `CCMP`. రెండోచోట `WPA-Personal`, `TKIP`. బీఎస్‌ఎస్‌ఐడీ, అంటే ఆ పెట్టె రేడియో చిరునామా, మా రూటర్ల మీద స్టిక్కర్లతో పోల్చాను, దేనితోనూ కలవలేదు. టీకేఐపీ పాతబడి, లోపాలు బయటపడిన పద్ధతి. ఐఫోను అయితే దానికి ‘వీక్ సెక్యూరిటీ’ అని హెచ్చరిస్తుంది.

పక్కింటి వైఫై కనపడినంత మాత్రాన అది దొంగది కాదు. మన నెట్‌వర్కులోకి దారి తెరిచేది మన వైరుకి తగులుకున్నదే. ఈ పెట్టె మన వైరుకే తగులుకుందని తెలిసింది బిల్లింగ్ కంప్యూటరు దగ్గర, వరస తిరగెయ్యక ముందే. కొన్ని రోజులు పొద్దున్న ఆన్ చేస్తే నెట్ రాదని కౌంటర్ కుర్రాడు మొదట్లోనే చెప్పాడు, అందరూ ఆపరేటరుని తిట్టుకుంటున్నారు. `ipconfig /all` చూస్తే `DHCP Server` దగ్గర ఆపరేటరు రూటరుది కాని చిరునామా ఉంది. ఇంకెవరో చిరునామాలు పంచుతున్నారన్నమాట.

లాప్‌టాప్ పట్టుకుని మెట్లెక్కాను. ఆ బీఎస్‌ఎస్‌ఐడీ సిగ్నల్ కింద 20 శాతం, మూడో అంతస్తు చివరి గదిలో 90 దాటింది. టీవీ వెనక దుమ్ము పట్టిన పాత రూటరు. మునుపటి మేనేజరు పైన సిగ్నల్ అందడం లేదని, అదే పేరూ అప్పటి పాస్‌వర్డూ పెట్టి, స్విచ్ కేబుల్‌ని లోపలి నెట్‌వర్క్ వైపు ఉండే ల్యాన్ పోర్టులో గుచ్చి వెళ్ళిపోయాడట. చెడ్డ ఉద్దేశమేమీ లేదు. కానీ ఆ పాత పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాడూ ఇన్నాళ్ళూ నేరుగా రిసెప్షన్ నెట్‌వర్కులో దిగగలిగేవాడు. కేబుల్ పీకి కంప్యూటరుని మళ్ళీ ఆన్ చేస్తే సరైన చిరునామా వచ్చింది. ఆ గది కోసం మూడో అంతస్తులో యాక్సెస్ పాయింట్ పెట్టించాం, లేకపోతే ఇంకెవరో ఇలాంటిదే తెచ్చి పెడతారు. కాకపోతే రెండు యాక్సెస్ పాయింట్ల మధ్య గెస్టుల కట్టడి పనిచెయ్యదు, ఆ లోటు మిగిలింది.

ఒక్కసారి తిరిగితే అన్నీ దొరకవు. ఆ సమయానికి ఆపి ఉన్నది కనపడదు, 5 గిగాహెర్ట్జ్ లేని లాప్‌టాప్‌కి ఆ బ్యాండు మీద ఉన్నది కనపడదు. అందుకే గదులు నిండిన రోజు రాత్రి మళ్ళీ తిరిగాను. మా పెట్టెల బీఎస్‌ఎస్‌ఐడీలు కాగితం మీద రాసి రిసెప్షన్ బీరువా తలుపు లోపల అంటించాను, నెలకోసారి ఆ కమాండ్ ఇచ్చి పోల్చుకోవడం కౌంటర్ కుర్రాడికి నేర్పాను.