గ్రూపులో ఎనిమిది మంది చూశారు.. రైతుకు ఫోన్ చేసింది ఎవరు?

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల మేత, మందులు అమ్మే ఒక షాపును ఊహించుకుందాం. పక్క గదిలో చిన్న ల్యాబ్. కౌంటర్‌లో ఇద్దరు, ల్యాబ్‌లో ఒకమ్మాయి, ఊళ్లు తిరిగే ఫీల్డ్ టెక్నీషియన్లు ముగ్గురు, డెలివరీ బండి డ్రైవర్, లెక్కలు చూసే ఆయన, యజమాని. మొత్తం తొమ్మిది మంది ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటారు. రైతులు షాపు నంబర్‌కు మెసేజ్ పెడితే, ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉంటే వాళ్లు దాన్ని గ్రూపులోకి ఫార్వర్డ్ చేస్తారు. బయటి నుంచి చూస్తే చక్కని ఏర్పాటే.

తెల్లవారుజామున 5:12కి ఒక రైతు ఇలా రాశాడనుకుందాం: "సార్, రెండో గుంటలో రొయ్య అంచుకు వస్తా ఉంది. నీళ్ల శాంపిల్ పట్టుకొని రానా? మొన్నటి బిల్లులో మేత బస్తాలు ఎక్కువ రాశారు, చూడండి." కౌంటర్ అబ్బాయి లేచి 5:40కి దాన్ని గ్రూపులో పెట్టి, పైన "అర్జెంట్, ఎవరైనా చూడండి" అని రాస్తాడు. ఆరున్నర లోపే మిగతా ఎనిమిది మందీ చూసేస్తారు. ఇద్దరు బొటనవేలు గుర్తు పెడతారు. ఒకరు "ఓకే" అంటారు. రైతుకు మొదటి ఫోన్ వెళ్లేసరికి ఏడున్నర అవుతుంది. ఈలోగా ఆరు గంటల మేత మామూలుగానే వేసేసి ఉంటారు.

ఇక్కడ నష్టం ఎక్కడ జరిగిందో ఆక్వా తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రాత్రంతా గుంటలోని నాచు, రొయ్య, అడుగున కుళ్లే మడ్డి అన్నీ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. సూర్యుడు వచ్చేదాకా నాచు తిరిగి తయారు చేయలేదు. అందుకే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అంటే డీఓ, అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారే ముందే. లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉండాల్సింది 3 కంటే కిందికి పోతే రొయ్య ఊపిరాడక పైకి, అంచుకు వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఏరియేటర్లన్నీ వెయ్యి, పొద్దుటి మేత ఆపు" అంటే చాలు. ఆ మాట అనడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల పని ఎవరిదో తేలడానికి మాత్రం రెండు గంటలు పట్టింది. తినకుండా వదిలేసిన మేత అడుగున చేరి, ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ లాగేస్తుంది.

ఆ ఎనిమిది మందిలో నిర్లక్ష్యం చేసినవాళ్లు ఎవరూ లేరు. ల్యాబ్ అమ్మాయి అది ఫీల్డ్ వాళ్ల పని అనుకుంది. ఫీల్డ్ టెక్నీషియన్లలో ఒకరు, ఆ ఊరు తనది కాదు కాబట్టి రెండో ఆయన చేసుంటాడనుకున్నాడు. రెండో ఆయన ఆ "ఓకే" చూసి ఎవరో తీసుకున్నారని నమ్మాడు. లెక్కలాయనకు కనబడింది బిల్లు మాట ఒక్కటే. ప్రతి ఒక్కరి ఆలోచనా విడిగా చూస్తే సబబే. అన్నీ కలిస్తే రైతుకు జవాబు లేదు. కాబట్టి "బాధ్యతగా ఉండండి" అని మీటింగు పెట్టి చెప్పినా ఇది మారదు. మెసేజ్ లోపలికి వచ్చిన క్షణం నుంచి దాని మీద ఒకే ఒక్క పేరు ఉండాలి. లోపం ఆ పేరు లేకపోవడంలో ఉంది.

ఇక్కడ చాలామంది @ పెట్టి పేరు పిలవడమే పని అప్పగించడం అనుకుంటారు. ఈ రెండూ వేరు. @ పెడితే ఆ మనిషి ఫోన్ మోగుతుంది. వాట్సాప్‌లోనైతే గ్రూపును మ్యూట్‌లో పెట్టుకున్నా సాధారణంగా ఆ నోటిఫికేషన్ వస్తుంది. దాని పని అంతవరకే. అతను ఆ సమయంలో బండి నడుపుతుంటే, చూసి మరిచిపోతే, పైన ఇంకో నలభై మెసేజ్‌లు పడితే ఆ పిలుపు ఎక్కడా మిగలదు. అప్పగింత అలా కాదు. ఒకసారి ఒకరి పేరు మీద రాశాక, పని పూర్తయ్యేదాకా గానీ, ఇంకొకరు తీసుకునేదాకా గానీ అది ఆ పేరు మీదే ఉండాలి. సాయంత్రం ఎవరు అడిగినా "ఇది ఫలానా వాళ్ల మీద ఉంది" అని చెప్పగలగాలి. ఇక అందరినీ ఒకేసారి @ తో పిలవడం కబురు చెప్పడానికి పనికొస్తుంది. పని అప్పగించడానికి పనికిరాదు.

మరి ఆ రైతు మెసేజ్‌లో విషయాలు మూడున్నాయి కదా, ముగ్గురికి ఇవ్వాలా? ఇక్కడే ఎక్కువ టీములు తప్పటడుగు వేస్తాయి. పనిని ముగ్గురికి పంచవచ్చు. రైతుకు జవాబుదారీ మాత్రం ఒక్కరే ఉండాలి. ఆ ఊరు చూసే టెక్నీషియన్ బాధ్యుడనుకుంటే, ముందు ఫోన్ చేసి ఏరియేటర్లు, మేత సంగతి చెబుతాడు. తర్వాత ల్యాబ్ అమ్మాయిని @ తో పిలిచి శాంపిల్ వస్తోందని చెబుతాడు. లెక్కలాయనను పిలిచి బిల్లు చూడమంటాడు. ఆ ఇద్దరూ తమ జవాబు అతనికిస్తారు. మూడూ తేలాయని రైతుకు చెప్పి ముగించేది అతనే. బిల్లు సంగతి మూడు రోజులైనా తేలకపోతే రైతు అడగాల్సింది, యజమాని అడగాల్సింది అతన్నే. @ కు అసలైన చోటు ఇదీ. బాధ్యుడు సాయం పిలుచుకోవడానికి అది చాలా మంచి పనిముట్టు.

ఇద్దరు బాధ్యులుంటే ఇంకా మంచిది కదా అనేవాళ్లున్నారు. ఆక్వాలో అది ప్రమాదం. గ్రూపులో మెసేజ్ చూసి ఇద్దరు టెక్నీషియన్లు విడివిడిగా ఫోన్ చేశారనుకోండి. ఒకరు అడుగు బాగుపడాలని ప్రోబయోటిక్ వెయ్యమన్నారు. ఇంకొకరు విబ్రియో అనే చెడు బ్యాక్టీరియా ఉందన్న అనుమానంతో శానిటైజర్ చల్లమన్నారు. రైతు ఇద్దరి మాటా విని ఒకే రోజు రెండూ వేస్తే, శానిటైజర్ ఆ ప్రోబయోటిక్‌లోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తుంది. డబ్బు పోయింది, ఫలితం లేదు, నింద మాత్రం మందు మీద పడుతుంది. ఏ సలహా విడిగా తప్పు కాకపోయినా, ఒకే గుంటకు రెండు నోళ్ల నుంచి వెళ్లడం తప్పు.

కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ కొనకుండా, ఇప్పుడున్న వాట్సాప్ గ్రూపులోనే దీన్ని చాలావరకు సరిచేయవచ్చు. ప్రతి రోజుకూ ఒక డ్యూటీ మనిషి ఉండాలి. లోపలికి వచ్చిన ప్రతి మెసేజ్ ముందు ఆ మనిషిదే. ఎవరూ తీసుకోకపోతే అతని మీదే ఉంటుంది. అప్పగించేటప్పుడు అసలు మెసేజ్‌కే రిప్లై పెట్టి, ఒకే పేరు, ఏం చేయాలి, ఎప్పటిలోగా అన్న మూడు మాటలు రాయాలి. అవతలి వ్యక్తి "తీసుకున్నా" అని రాస్తేనే అది చేతులు మారినట్టు. బొటనవేలు గుర్తును ఒప్పుకోలుగా లెక్కపెట్టకూడదు, ఎందుకంటే అది "చూశా" అని పెట్టారో "చేస్తా" అని పెట్టారో ఎవరికీ తెలియదు. పది నిమిషాల్లో "తీసుకున్నా" రాకపోతే డ్యూటీ మనిషే రైతుకు ఫోన్ చేయాలి. పని అయ్యాక అదే మెసేజ్‌కు రిప్లైగా "అయింది, రైతుకు చెప్పా" అని రాయాలి. ఆ రెండో ముక్క లేకపోతే పని అయినట్టు కాదు. ల్యాబ్ రిపోర్టు సిద్ధమై కూడా రైతుకు చేరని సందర్భాలు ఆ ముక్క దగ్గరే పుడతాయి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. మామూలు గ్రూపులో ఏది తెగింది, ఏది మిగిలింది అని ఒకచోట చూసుకునే వీలు లేదు. పిన్ చేద్దామంటే మూడు మెసేజ్‌లకే చోటు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో లేబుళ్లు ఉంటాయి కాబట్టి, ఒక్కో ఉద్యోగి పేరుతో ఒక్కో లేబుల్ పెట్టి రైతు చాట్‌కు తగిలించవచ్చు. చిన్న షాపుకు అది బాగానే పనికొస్తుంది. కానీ ఒకే చాట్‌కు రెండు పేర్ల లేబుళ్లు తగిలించినా యాప్ ఆపదు. పాతది తీసి కొత్తది పెట్టే అలవాటు మనమే చేసుకోవాలి.

రోజూ వచ్చే మెసేజ్‌లు చేతికి లొంగనన్ని అయితే, అందరూ ఒకే ఇన్‌బాక్స్ చూసే సాఫ్ట్‌వేర్ అవసరమవుతుంది. ఉదాహరణకు Chatwoot ఓపెన్ సోర్స్ కాబట్టి సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. అందులో ప్రతి సంభాషణకు Assigned Agent అనే గడి ఉంటుంది, అందులో ఒక్క పేరే పడుతుంది. Mine, Unassigned, All అని మూడు ట్యాబులుంటాయి. యజమాని రోజూ చూడాల్సింది నడిమిది. రైతుకు కనబడకుండా లోపల రాసుకునే Private Note లో @ పెట్టి ల్యాబ్‌నో, లెక్కలాయననో పిలవచ్చు, సంభాషణ మాత్రం బాధ్యుడి పేరు మీదే ఉంటుంది. Resolved చేశాక రైతు మళ్లీ రాస్తే, సెట్టింగును బట్టి అదే సంభాషణ తిరిగి తెరుచుకుంటుంది, లేదా కొత్తది మొదలవుతుంది.

ఇలాంటివాటిలో వచ్చిన మెసేజ్‌లను వరసగా ఒక్కొక్కరికీ పంచే ఏర్పాటు కూడా ఉంటుంది. ఆక్వా షాపు దాన్ని ఆపేయడమే మేలని నా అభిప్రాయం. వనామీ రకం రొయ్య పంట మూడు నాలుగు నెలలు నడుస్తుంది. ఆ గుంటకు సీడ్ ఎప్పుడు వేశారు, పోయిన వారం చెక్ ట్రేలో మేత ఎంత మిగిలింది, కిలోకు ఎన్ని రొయ్యలనే కౌంట్ ఎంత వచ్చింది అన్నది ఆ ఊరు తిరిగే టెక్నీషియన్‌కే తెలుసు. వరస ప్రకారం పంచితే ఇవాళ ఒకరు, రేపు ఒకరు, ప్రతిసారీ రైతు మొదటి నుంచి చెప్పుకోవాలి. ఊళ్లను బట్టి పంచి, ఆ మనిషి సెలవులో ఉన్న రోజు ఎవరు చూడాలో ముందే రాసిపెట్టడం మంచిది.

ఇంకో చిక్కు ఉంది, మొదట్లో ఎవరికీ తట్టదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాట్సాప్ ఏపీఐ ద్వారా నడిస్తే, రైతు చివరిసారి రాసినప్పటి నుంచి 24 గంటల లోపే మనం మామూలు మెసేజ్ పంపగలం. ఆ తర్వాత ముందే ఆమోదం పొందిన టెంప్లేట్ మెసేజ్ మాత్రమే వెళ్తుంది. మన రైతు రాసింది 5:12కి. శాంపిల్ తొమ్మిదికి ల్యాబ్‌కు వచ్చింది. విబ్రియో ప్లేటు మీద పచ్చ, పసుపు మచ్చలు లెక్కపెట్టాలంటే 18 నుంచి 24 గంటలు ఆగాలి. అంటే ఫలితం వచ్చేసరికి మర్నాడు తొమ్మిది కావచ్చు, గడువు పొద్దున 5:12కే అయిపోయి ఉంటుంది. బాధ్యుడు ఒకరుంటే దీనికి దారి సులువు. సాయంత్రం ఆరుకు అతను "చెక్ ట్రే ఎట్టుందన్నా?" అని రాస్తాడు. రైతు దానికి జవాబిచ్చిన క్షణం నుంచి 24 గంటలు మళ్లీ మొదలవుతాయి, గుంట సంగతీ తెలుస్తుంది. బాధ్యుడు లేని చోట ఆ సాయంత్రం మెసేజ్ రాసే మనిషే ఉండడు.

తెల్లవారుజామున రొయ్య పైకి తేలుతుంటే ఎంత మంచి ఏర్పాటైనా చాట్ సరిపోదు. షాపు నంబర్‌కు రాత్రి వచ్చే మెసేజ్‌లకు ఆటోమేటిక్‌గా వెళ్లే జవాబులో ఆ రాత్రి డ్యూటీ మనిషి ఫోన్ నంబర్, "అర్జెంట్ అయితే కాల్ చేయండి" అన్న మాట ఉండాలి. డ్యూటీ మారిన ప్రతిసారీ ఆ నంబర్ కూడా మార్చాలి. ఆ మార్చే పని కూడా ఒకరి పేరు మీద రాసిపెట్టాలి.

యజమానులకు ఒక మాట. గ్రూపులో "ఇది ఎవరు చూస్తున్నారు?" అని మీరు అడిగిన ప్రతిసారీ, అప్పటికే తీసుకున్న మనిషికి అది తన చేతిలోంచి పోయినట్టనిపిస్తుంది, తీసుకోనివాళ్లు మీరే చూసుకుంటారనుకుంటారు. పేరు ఉంటే ఆ పేరునే @ తో అడగండి. పేరు లేకపోతే డ్యూటీ మనిషిని అడగండి. వారం చివర ఒక పావుగంట కూర్చొని, పేరు పడకుండా పదిహేను నిమిషాలు దాటినవి ఎన్ని, రెండుసార్లకు మించి చేతులు మారినవి ఎన్ని, "రైతుకు చెప్పా" లేకుండా మిగిలినవి ఎన్ని అని చూడండి. ఎక్కువ చేతులు మారినవన్నీ ఒకే రకం మెసేజ్‌లైతే, బిల్లు తేడాలో, మేత వాపసులో ఏదో ఒకటైతే, ఆ పని షాపులో ఎవరిదో మీరింకా చెప్పలేదన్నమాట. అది ఉద్యోగులు తేల్చుకునేది కాదు, మీరే చెప్పాలి.