వాక్యం కన్నా ముందు పేరు పోతుంది: మతి జారుతున్న మనిషి లోపలి నుంచి కథ రాయడం

మతిమరపు వచ్చిన పెద్దాయన తన మనసులోంచి తానే చెప్పే కథలు ఈమధ్య తెలుగులో తరచుగా కనిపిస్తున్నాయి. చాలావాటిలో ఒకే ఇబ్బంది. రెండో పేజీకే వాక్యాలు ముక్కలైపోతాయి. మాటకీ మాటకీ మధ్య చుక్కలు. "ఇల్లు... తలుపు... ఎవరు?" అనే ధోరణి. పాఠకుడికి జబ్బు అర్థమవుతుంది గానీ మనిషి అర్థం కాడు. ఆ జబ్బు మాటని పాడుచేసే వరస కూడా అది కాదు.

నెమ్మదిగా ముదిరే అల్జైమర్స్‌నే తీసుకుందాం. మెదడులో కొత్త సంగతుల్ని దాచిపెట్టే హిప్పోకాంపస్ అనే భాగం ముందుగా దెబ్బతింటుంది. అందుకే పొద్దున జరిగింది పోతుంది, యాభై ఏళ్ల కిందటిది ఉంటుంది. మాట సంగతికొస్తే ముందు జారేవి పేర్లు: మనుషుల పేర్లు, ఆ తర్వాత వస్తువుల పేర్లు. వ్యాకరణం చాలాకాలం చెక్కుచెదరదు. విభక్తులు సరిగ్గా పడతాయి, క్రియ సరైన చోట ఆగుతుంది, లోపల సరుకు మాత్రం తగ్గిపోతుంది. కాబట్టి రచయిత మొదట పలచన చేయాల్సింది వాక్యంలోని నామవాచకాల్ని. వాక్యాన్ని విరిచే పని బాగా చివర్లో వస్తుంది.

ఒక పాత్రని పెట్టుకుని చూద్దాం. సింహాచలం గారు, 1946లో పుట్టారు. 1968లో బొబ్బిలి పోస్టాఫీసులో చేరి, ఉత్తరాలు వేరుచేసి సంచులు కట్టే పనిలో రిటైరయ్యారు. భార్య పోయింది. ఇప్పుడు విజయనగరంలో కూతురి దగ్గర ఉంటున్నారు. తమ్ముడికి ఉత్తరం రాయాలని కూర్చున్నారు. మొదటి దశ ఇలా ఉండవచ్చు:

"చదివేటప్పుడు పెట్టుకునేది గూట్లోనే పెట్టినాను. పెట్టినచోట పెట్టడం నాకు కొత్త కాదు, ముప్పయ్యారేళ్లు అదే పని చేసినాను. ఈ గుంట ఇల్లు సర్దుతానని ఎక్కడో పడేసుంటాది. ఇదిగో, బియ్యం డబ్బాలో ఉన్నాది. బియ్యం డబ్బాలో ఎవరైనా పెడతారా? పోనీలే. అడ్రసు రాసినాను: బొబ్బిలి, శ్రీకాకుళం జిల్లా."

ఇక్కడ ఒక్క వాక్యమూ విరగలేదు. "కళ్ళజోడు" అన్న మాట దొరకలేదు, దాని చోట ఒక వర్ణన వచ్చి కూర్చుంది. ఆయనకి అది లోటుగా తోచలేదు. బియ్యం డబ్బాలో పెట్టింది తనే, కానీ ఆ జ్ఞాపకమే తయారవలేదు కాబట్టి ఆయనకున్న ఆధారాలతో కూతుర్నే అనుమానించాలి. ఇది అబద్ధం కాదు. ఖాళీ ఉన్నచోట మనసు ఒక కారణాన్ని అతికించి, దాన్నే జ్ఞాపకంగా నమ్ముతుంది. ఇంట్లోవాళ్లే వస్తువులు తీసేస్తున్నారన్న అనుమానం ఈ జబ్బులో తరచుగా కనిపించేదే.

అడ్రసులో తప్పు మరింత విలువైనది. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న వచ్చింది, బొబ్బిలి అప్పుడు అందులోకి మారింది. అంటే ఆయన ఉద్యోగంలో చేరిన తొలి పదకొండేళ్లు రోజూ చూసిన అడ్రసు అదే. మనిషికి పదేళ్ల వయసు నుంచి ముప్పై ఏళ్ల వయసు దాకా గడిచిన కాలం గట్టిగా నిలుస్తుంది, ఆయన ఆ కాలంలోంచే రాస్తున్నారు. తప్పు నమ్మకాన్ని కట్టే పద్ధతి ఇదే: అది ఒకప్పుడు నిజమై ఉండాలి. ప్రతి పొరపాటు పక్కనా చిత్తుప్రతిలో ఒక సంవత్సరం రాసుకోండి. ఏ సంవత్సరంలో ఈ మాట నిజం? సమాధానం లేకపోతే అది ఊరికే వింత పలుకు, పాత్రది కాదు. ముప్పై పేజీల కథలో ఈ సంవత్సరాలు మొత్తం మీద వెనక్కి నడవాలి: ముందు 1978, తర్వాత 1970, ఆపైన పెళ్లి కాని రోజులు. మధ్యలో ఒక పూట ఆయన ఇవాళ్టిలోకి వచ్చి స్పష్టంగా మాట్లాడవచ్చు. జబ్బులో అలాంటి పూటలు ఉంటాయి, తిన్నగా దిగిపోయే గీతని పాఠకుడు నమ్మడు కూడా.

ఇక్కడొక జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న పాలకొండ అనే ఊరు శ్రీకాకుళం జిల్లా నుంచి కొత్తగా వచ్చిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. ఇప్పటికీ ఎంతోమంది ఆరోగ్యవంతులు అలవాటుకొద్దీ శ్రీకాకుళం జిల్లా అనేస్తారు. ఒక్క పొరపాటుతో జబ్బు తేలదు. సరిచేస్తే ఆ దిద్దుబాటు నిలుస్తుందా లేదా అన్నదే తేడా. "నాన్నా, బొబ్బిలి విజయనగరం జిల్లా కదా" అని కూతురు అంటే సింహాచలం గారు "అవునవును" అని కొట్టేసి దిద్దాలి. రెండు పేజీల తర్వాత కవరు మీద మళ్లీ శ్రీకాకుళమే ఉండాలి. ఆ రెండోసారి గురించి ఎవరూ ఏమీ అనకూడదు.

రెండో దశలో రచయితకి ఎదురయ్యే చిక్కు పునరుక్తి. అడిగిందే అడుగుతున్నానని ఆ మనిషికి తెలియదు. కాబట్టి ఆయన గొంతులో "మళ్లీ" అన్న మాట రాకూడదు. "గుర్తు రావడం లేదు", "మర్చిపోయాను" అనేవి కూడా చాలాచోట్ల తీసెయ్యాల్సినవే. మొదటి రోజుల్లో తన మరపు తనకి తెలిసి భయపడేవాళ్లు ఉన్నారు, ఆ భయాన్ని ఒకటి రెండుసార్లు రాయవచ్చు. ఆ తర్వాత చాలామందిలో ఆ ఎరుకే తగ్గిపోతుంది. మరి పాఠకుడికి సంగతి ఎలా తెలియాలి? ఆయన కంటికి కనిపించే వస్తువుల వల్ల, ఎదుటివాళ్ల తీరు వల్ల తెలియాలి.

"టీ ఇంకా ఇవ్వలేదు. నాలుగున్నరకి సంచీ కట్టాలి, రైలు మెయిలు ఎవరికోసమూ ఆగదు. బల్ల మీద గ్లాసొకటి ఉన్నాది, అడుగున రెండు చుక్కలు. ఎవరో తాగి ఎల్లిపోయినారు. పిల్లని పిలిచి టీ అడిగినాను. అది నా ముఖం కేసి చూసి, ఏమీ అనకుండా లోపలికి ఎల్లినాది. ఈ ఇంట్లో అడిగితే గానీ టీ రాదు."

గ్లాసు సాక్ష్యం. ఆయన దాన్ని చూశారు, దానికి తనదైన అర్థం చెప్పుకున్నారు. ప్రతి తప్పు నమ్మకానికీ ఇలా ఎదురుచెప్పే వస్తువు ఒకటి ఆయన చూపు మేరలోనే పెట్టాలి. వస్తువు లేకపోతే పాఠకుడూ ఆయనతోపాటు దారితప్పుతాడు. రెండు మూడు వస్తువులు పెడితే రచయిత వేలు చూపిస్తున్నట్టు ఉంటుంది. పేజీకి ఒక తప్పు నమ్మకం, దానికొక సాక్ష్యం చాలు.

చివరి వాక్యంలో చిరాకుని కూడా గమనించాలి. సంగతి పోయాక కూడా దాని వల్ల పుట్టిన కోపమో దిగులో కాసేపు మిగిలే ఉంటుంది. కారణం లేని కోపానికి ఆయన కారణం వెతుక్కుంటారు, దొరికిన మనిషికి దాన్ని అంటగడతారు. చాలా కథలు ఈ పనిని పూర్తిగా వదిలేసి, పాత్రని అమాయకమైన పసిపాపలా మార్చేస్తున్నాయి. అది ఆ మనిషికి అన్యాయం. సింహాచలం గారికి తన లోపల తాను ఎప్పుడూ సరైన మనిషే. ఆయన వాదనలో తర్కం ఉంటుంది, ఆధారాలే పాతవి.

ఇప్పుడు వాక్యం విరగడం దగ్గరికి వద్దాం. ఇక్కడ తెలుగుకి తనదైన దారి ఉంది. మన వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. తీసి, కట్టి, పట్టుకెళ్లి అంటూ అసమాపక క్రియలు ఎన్నైనా వరస కట్టవచ్చు, సమాపక క్రియ వచ్చేదాకా వినేవాడు ఆగుతాడు. మతి జారిన మనిషి వాక్యం ఆ చివరి క్రియని చేరలేకపోతుంది. మధ్యలో చుక్కలు పెట్టనక్కర్లేదు.

"సంచీ తీసి, మూతి బిగించి, లక్క పోసి, దాని మీద అదీ వేసి, వేసి, బండి దగ్గరికి పట్టుకెళ్లి, ఆయన చేతికిచ్చి, ఇచ్చి, ఎవరమ్మా, ఎప్పుడొచ్చినారమ్మా, కూర్చోండి, టీ తాగుతారా."

"సీలు" పోయి "అదీ" వచ్చింది. పనుల వరస మాత్రం తప్పలేదు, ఎందుకంటే చేతికి అలవాటైన పని చాలాకాలం నిలుస్తుంది. ఈ దశలో ఆయన్ని నిజంగా పాత ఉత్తరాల కట్ట ముందు కూర్చోబెడితే చేతులు వాటంతట అవే ఊరి వారీగా సర్దే ప్రయత్నం చెయ్యవచ్చు. వరస తెగినచోట మర్యాద మాటలు వచ్చాయి. పలకరింపులు, కూర్చోమనడం, మొక్కులు, పాటలు ఆలస్యంగా పోతాయి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి ఆయన బాగానే ఉన్నట్టు కనిపించేది వాటివల్లే.

ఈ ముక్కలో అన్నిటికన్నా బరువైనది "వచ్చినారమ్మా" అన్న క్రియ చివర. మొదటి దశలో అయితే కూతురితో "ఎప్పుడొచ్చినావమ్మా" అనేవారు. "అమ్మా" కూతురికీ సరిపోతుంది, ముక్కూమొహం తెలియని ఆడమనిషికీ సరిపోతుంది. అది మారలేదు. క్రియలో ఒక్క అక్షరం మారింది, కూతురు పరాయి మనిషైపోయింది. "ఆమె ఎవరో నాకు తెలియలేదు" అని వివరిస్తే ఈ దెబ్బంతా పోతుంది. కథ మొదట్లో "నావు"తో ముగిసే పిలుపు కనీసం మూడు నాలుగుసార్లు పాఠకుడి చెవిన పడి ఉండాలి, లేకపోతే మార్పు వినిపించదు.

యాస గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కొందరు పాత్రని పత్రికల తెలుగులో మొదలుపెట్టి, మతి పోతున్నకొద్దీ ఉత్తరాంధ్ర మాటలోకి దించుతున్నారు. దాంతో ఇంటి మాటే రోగలక్షణంలా చదువుతారు. శ్రీకాకుళం, విజయనగరం యాసని వెండితెర మీద నవ్వులకి వాడుకున్నది చాలు. సింహాచలం గారు ఆరోగ్యంగా ఉన్న మొదటి పేరాలోనే "పెట్టినాను", "ఉన్నాది" అనాలి, చివరిదాకా అలాగే అనాలి. మారాల్సింది మాటల నిండుదనం, యాస కాదు.

రాసిన తర్వాత పరీక్ష ఒకటుంది. మిగతా పాత్రల మాటల్నీ, సాక్ష్యంగా పెట్టిన వస్తువుల్నీ మూసేసి ఆయన గొంతు ఒక్కటే చదవండి. మొదటి మూడో వంతులో ఆయన నూటికి నూరుపాళ్లు నమ్మదగ్గ మనిషిలా వినిపించాలి. అక్కడే అనుమానం వస్తే ఆయన చేత రచయిత ఒప్పుకోలు చేయిస్తున్నట్టే. తర్వాత కథ సంగతి తెలియని ఒకరికి ఇచ్చి, ఎక్కడ అనుమానం వచ్చిందో గీత గీయమనండి. రెండో అడ్రసు దగ్గరో టీ గ్లాసు దగ్గరో గీత పడితే కొలత కుదిరింది.

పై వరస అంతా అల్జైమర్స్‌ది. మెదడు రక్తనాళాల జబ్బు వల్ల వచ్చే మరపు తరచుగా మెట్లు మెట్లుగా దిగుతుంది, ఒక్క రాత్రిలో ఒక పనితనం పోవచ్చు. మరికొన్ని జబ్బుల్లో మాటే ముందు దెబ్బతింటుంది, అక్కడ మొదటి పేజీలో వాక్యం విరిగినా తప్పు లేదు. పాత్రకి ఏ జబ్బో రచయిత ముందే తేల్చుకోవాలి, కథలో దాని పేరు రాకపోయినా సరే.

ఇంతా చేసి, ఈ గొంతుకి ఒక హద్దుంది. అసమాపక క్రియలు కూడా వరస కట్టని దశలో లోపలి నుంచి రాసేది రచయిత ఊహే తప్ప పాత్ర మాట కాదు. అక్కడ "నేను" అనే గొంతుని ఆపేసి, మిగతా కథ కూతురి చేతికి ఇవ్వడమే నిజాయితీ.