పూతరేకుల డబ్బా మారింది, పాత రివ్యూలు అలాగే ఉన్నాయి

ఆత్రేయపురం పూతరేకులను ఆన్‌లైన్‌లో అమ్మే మాలాంటి చిన్న వ్యాపారుల మధ్య ఒక అలవాటు గట్టిగా పాతుకుపోయింది. తయారీదారు డబ్బా మార్చినా, రేకు పరిమాణం తగ్గించినా, చుట్టే కాగితం బదులు ప్లాస్టిక్ పొర వాడడం మొదలుపెట్టినా, అమ్మకందారు పాత లిస్టింగ్‌లో ఒక ఫొటో మాత్రం మార్చి, కింద ఉన్న రివ్యూలనూ పైన ఉన్న స్టార్లనూ కదపకుండా కొనసాగిస్తాడు. ఇది కొన్నవారి మాటను వారు ఎన్నడూ చూడని వస్తువుకు అంటగట్టడమే అని నా అభిప్రాయం. ఈ విషయంలో మన ప్రాంతపు వ్యాపారులతో నేను చాలాసార్లు వాదించాను కనుక, ఏ మార్పు వస్తే ఏం చేయాలని నేను అనుకుంటున్నానో కారణాలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

నేను సరుకు తెచ్చుకునే చోట కిందటి సంవత్సరం ప్యాకింగ్ మారింది. అంతకుముందు పది పూతరేకులను బటర్ పేపర్‌లో చుట్టి, అట్టపెట్టెలో రెండు వరుసలుగా పేర్చేవారు. కొత్త పద్ధతిలో ఒక్కొక్క రేకునూ పలుచని పొరలో విడిగా సీల్ చేసి, గుంటలున్న ప్లాస్టిక్ ట్రేలో పెట్టి, ఆపైన పెట్టెలో దింపుతున్నారు. నేను సప్లయర్‌ను అడిగినప్పుడు ఆయన, “రేకు అదేనండీ, నెయ్యి అదేనండీ, బెల్లం అదేనండీ, డబ్బా ఒక్కటే మారిందండీ” అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. అయితే ట్రేలోని గుంటలో పట్టాలంటే రేకును కొంచెం పొట్టిగా, సన్నగా మడవాలి. పాత పెట్టెలో నికర బరువు 500 గ్రాములు, కొత్త పెట్టెలో 400 గ్రాములు. ట్రే, పొరలు, గట్టి అట్ట కలిసి ఖాళీ ప్యాకింగ్ బరువు 110 గ్రాముల నుండి 190 గ్రాములకు పెరిగింది. అంటే పెట్టె మొత్తం బరువు 610 గ్రాముల నుండి 590 గ్రాములకు మాత్రమే తగ్గింది. చేత్తో పట్టుకుంటే ఎవరికీ తేడా తెలియదు, కొరియర్ రసీదు చూసినా తెలియదు. సంఖ్య కూడా పదే కనుక “పది పూతరేకుల డబ్బా” అన్న పాత పేరు అలాగే సరిపోతుంది. అందుకే సప్లయర్ మాటతో సరిపెట్టుకోకుండా కొత్త పెట్టెను విప్పి, లోపలి సరుకును విడిగా తూచి చూడాలి.

ధర 400 రూపాయలే ఉంచారు. పాత పెట్టెలో గ్రాముకు 80 పైసలు పడేది, కొత్త పెట్టెలో గ్రాముకు రూపాయి పడుతోంది. పాత లిస్టింగ్ కింద ఏముందో చూడండి: “ఒక్కొక్కటి చేతినిండా ఉంది”, “ఈ ధరకు ఇంత బరువు ఎక్కడా రాదు”. ఆ రివ్యూలు రాసినవారు నిజాయితీగానే రాశారు. కానీ ఈ రోజు హైదరాబాదులో కూర్చుని ఆర్డరు పెట్టే మనిషి ఆ మాటలు నమ్మి 400 గ్రాముల పెట్టె అందుకుంటాడు. ఇక్కడ మోసపు మాట ఒక్కటి కూడా ఎవరూ రాయలేదు, అయినా కొనుగోలుదారు మోసపోయాడు.

ఇందులో రెండో వైపు కూడా ఉంది, దానిని చాలామంది గమనించరు. పూతరేకు బియ్యపు పిండి జావతో కుండ మీద తీసే పొర. వేలు గట్టిగా తగిలితే చిరుగుతుంది, అట్టపెట్టెలో దూరప్రయాణం చేస్తే సగం పొడి అవుతుంది. పాత లిస్టింగ్‌లో ఒక స్టారు, రెండు స్టార్లు ఇచ్చినవారిలో ఎక్కువ మంది ఫిర్యాదు ఇదే: విరిగి వచ్చాయి, నెయ్యి పెట్టె బయటికి ఊరింది, పేపరు రేకుకు అంటుకుపోయింది. ట్రే వచ్చాక ఆ ఇబ్బంది చాలావరకు పోయింది. అయినా అమెరికాలో ఉన్న కొడుక్కి పంపాలనుకునే తల్లి ఆ పాత ఫిర్యాదులు చదివి, ఇక్కడ కొంటే ముక్కలే వస్తాయని వెనక్కి వెళ్లిపోతుంది. కాబట్టి పాత పొగడ్త కొత్త సరుకును ఉన్నదానికంటే పెద్దగా చూపిస్తోంది, పాత ఫిర్యాదు దాన్ని ఉన్నదానికంటే బలహీనంగా చూపిస్తోంది, ఈ రెండూ కలిసి వచ్చిన స్టార్ల సగటు మాత్రం పాత పెట్టె గురించీ కొత్త పెట్టె గురించీ నిజం చెప్పడం లేదు.

మూడో ఇబ్బంది మన ప్రాంతానికి ప్రత్యేకమైనది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు విలువ ఉంది కనుక ఆ పేరుతో ఎక్కడెక్కడో చేసిన సరుకు కూడా తిరుగుతోంది. అందుకని జాగ్రత్తపరులైన కొనుగోలుదారులు రివ్యూలలో ఇతరులు పెట్టిన ఫొటోలు చూసి, తమకు వచ్చిన పెట్టెతో పోల్చుకుంటారు. రివ్యూలలో ఎర్రపెట్టె, చేతికి వచ్చింది తెల్లపెట్టె అయితే, నికార్సైన సరుకును కూడా “డూప్లికేట్” అని తిప్పి పంపుతారు. వారిని తప్పు పట్టలేము, వారికి ఆధారంగా దొరికింది ఆ ఫొటోలే.

మరి ఎప్పుడు పాత లిస్టింగ్‌నే సరిచేయాలి, ఎప్పుడు కొత్తది తెరవాలి? నేను అనుసరించే కొలత ఒక్కటే: పాత రివ్యూ రాసిన మనిషికి ఈ కొత్త పెట్టె ఇస్తే, అతడు అవే మాటలు మళ్లీ రాయగలడా? పెట్టె రంగు మారితే, లేబుల్ మీద బొమ్మ మారితే, రాయగలడు. నికర బరువు మారితే, చక్కెర బదులు బెల్లం వస్తే, నెయ్యి తగ్గితే, రాయలేడు. ఇది నా సొంత నియమం మాత్రమే కాదు. బార్‌కోడ్ సంఖ్యలను నిర్వహించే జీఎస్1 సంస్థ నియమాల ప్రకారం, ప్యాకెట్ మీద ప్రకటించిన నికర పరిమాణం మారితే కొత్త సంఖ్య తీసుకోవాలి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులలో ఏదైనా ఒకటి గానీ మొత్తం బరువు గానీ 20 శాతం లేదా అంతకు మించి మారినా కొత్త సంఖ్యే తీసుకోవాలి. మన పెట్టె మొత్తం బరువు మారింది 20 గ్రాములే కనుక ఆ రెండో నియమం కింద బరువును బట్టి మార్చనక్కరలేదు, కానీ నికర బరువు 500 నుండి 400కు తగ్గింది కనుక మొదటి నియమం కిందే విషయం తేలిపోతుంది. కొత్త సంఖ్య ఉన్న వస్తువుకు కొత్త లిస్టింగ్ ఉండడం న్యాయం.

ఇక్కడే కొందరు ఒక దగ్గరిదారి చెబుతారు: కొత్త 400 గ్రాముల పెట్టెను పాత లిస్టింగ్ కిందే మరో సైజుగా కలిపేస్తే రివ్యూలన్నీ దానికీ కనిపిస్తాయి కదా అని. రెండు సైజులూ నిజంగా ఒకేసారి అమ్మకంలో ఉండి, రేకు ఒకటే అయి, పెట్టెలోని రేకుల సంఖ్య మాత్రమే వేరైతే అది సబబే. పాతది ఇక రాదని తెలిసి, దాని పేరును కొత్తదానికి తొడగడానికి ఆ ఏర్పాటును వాడుకోవడం సబబు కాదు. అమెరికాలో 2023లో విటమిన్లు అమ్మే బౌంటిఫుల్ అనే సంస్థ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకున్నది సరిగ్గా ఇలాంటి పనికే: వేర్వేరు మిశ్రమాలున్న ఉత్పత్తులను అమెజాన్‌లో ఒకే వస్తువు రకాలుగా కలిపించి, పాతవాటి రేటింగులు కొత్తవాటికి కనిపించేలా చేసిందన్నది అభియోగం. ఆ సంస్థ 6,00,000 డాలర్లు చెల్లించవలసి వచ్చింది. మన దేశంలోనూ 2020 ఈ-కామర్స్ నియమాలు ప్రకటన వస్తువు అసలు లక్షణాలకు సరిపోవాలని అమ్మకందారుకు బాధ్యత పెట్టాయి.

“కష్టపడి కూడబెట్టుకున్న రివ్యూలను నీళ్లలో పోసుకోమంటారా?” అని రావులపాలెంలో ఒక మిత్రుడు కోపంగా అడిగాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది, సున్నా రివ్యూలతో మొదలయ్యే లిస్టింగ్‌కు మొదటి వారాల్లో ఆర్డర్లు పడిపోతాయి. కానీ ఒక లెక్క చూడండి. పాత పెట్టెకు 200 రివ్యూలు, సగటు 4.4 అనుకుందాం. కొత్త పెట్టె వచ్చాక 40 రివ్యూలు, వాటి సగటు 3.4 అనుకుందాం. రెండూ కలిపితే సగటు 4.2 దగ్గర నిలుస్తుంది. అమ్మకందారు ఆ 4.2 చూసుకుని అంతా బాగానే ఉందనుకుంటాడు, కానీ ఇప్పుడు పంపుతున్న సరుకుకు జనం ఇస్తున్నది 3.4. విడి లిస్టింగ్ ఉంటే ఈ సంగతి మొదటి నెలలోనే తెలిసి, తయారీదారుతో మాట్లాడి రేకు పరిమాణమో ధరో సవరించుకునే వీలుంటుంది. కలిపి ఉంచేవారు కనీసం ప్యాకింగ్ మారిన తేదీని రాసిపెట్టుకుని, దానికి ముందు రివ్యూలను, తరువాతి రివ్యూలను వేరుగా సగటు తీసి చూడాలి. “చిన్నవి”, “ఫొటోలో ఉన్నట్టు లేవు” అన్న మాటలు తేదీ తరువాత పెరిగాయా అని కూడా చూడాలి.

నేను నా సొంత వెబ్‌సైటులో చేసింది ఇది. పాత పేజీని తొలగించలేదు. “500 గ్రాముల ఈ అట్టపెట్టె ఇక రాదు, కింది రివ్యూలు దానికి సంబంధించినవి” అని పైన రాసి, కొనే బటన్ తీసేసి, కొత్త పేజీకి దారి ఇచ్చాను. కొత్త పేజీలో మొదటి ఫొటోలోనే పెట్టె మూత తీసి, రేకు పక్కన స్కేలు పెట్టి చూపించాను. నికర బరువు 400 గ్రాములని, గ్రాము ధర రూపాయని, పాత పెట్టె కంటే 100 గ్రాములు తక్కువని, రేకులు విరగకుండా ఉండడానికి ట్రే వాడుతున్నామని మొదటి వాక్యాలలోనే రాశాను. తగ్గిన సంగతిని వివరణ చివర చిన్న అక్షరాలలో పెట్టడం నాకు నచ్చదు. పాత ఫిర్యాదులలో విరిగి వచ్చాయన్న వాటికి, ప్యాకింగ్ ఏ నెలలో మారిందో చెబుతూ జవాబులు రాశాను, ఒక్క ఫిర్యాదునూ చెరిపివేయలేదు.

బయటి పెట్టె రంగు మాత్రమే మారినప్పుడు ఇంత అవసరం లేదు. అదే లిస్టింగ్‌లో కొత్త పెట్టె, పాత పెట్టె పక్కపక్కన ఉన్న ఫొటో ఒకటి పెట్టి, ఏ నెల నుండి మారిందో, లోపలి బరువు అదేనని రాస్తే చాలు. డూప్లికేట్ అనే అనుమానం అక్కడితో ఆగుతుంది.

అన్నిటికంటే చిక్కు తెచ్చేది పాత, కొత్త నిల్వలు కలిసిపోవడం. ఒకే బార్‌కోడ్ మీద రెండు రకాల పెట్టెలు గోదాములోకి చేరితే, ఎవరికి ఏది వెళ్లిందో మనకే తెలియదు, వచ్చే రివ్యూ దేని గురించో అసలే తెలియదు. పూతరేకులు ఎక్కువకాలం నిల్వ ఉండవు కనుక పాతవి పూర్తిగా అమ్మి, ఒకటి రెండు రోజులు “స్టాకు లేదు” అని పెట్టినా నష్టం స్వల్పం. సంక్రాంతికి అల్లుళ్లకు పంపే ఆర్డర్లు వెల్లువెత్తే వారాలలో మాత్రం ఈ మార్పు పెట్టుకోకూడదు. పండుగకు ముందే ముగించాలి, లేదా పండుగ దాటాక మొదలుపెట్టాలి.

తయారీదారులకు నా విన్నపం ఒకటి. పెట్టె, ట్రే, మడత ఏది మార్చదలచినా సరుకు పంపడానికి రెండు వారాల ముందు ఒక నమూనా పెట్టె, నికర బరువు, కొత్త పద్ధతి మొదలయ్యే బ్యాచ్ నంబరు మాకు పంపండి. ఆ బ్యాచ్ నంబరు ఉంటేనే ఏ ఫిర్యాదు ఏ పెట్టెదో మేము మీకు తిరిగి చెప్పగలం.