ఉద్యోగ ప్రకటనను చివరిదాకా చదవండర్రా, తర్వాతే రెజ్యూమె ముట్టుకోండి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో క్వాలిటీ ఉద్యోగాలకు మన పిల్లలు పంపే రెజ్యూమెలు చూస్తుంటే నిజంగా బాధేస్తుంది. నేను ఈ రంగంలోనే ఉన్నాను, మా సెక్షన్‌కి వచ్చే రెజ్యూమెలు ముందు నేనే చూస్తాను. అందులో ఎక్కువ భాగం ఎవరికైనా, ఎక్కడికైనా పంపదగ్గవి. పేరు, ఫొటో, "సవాళ్లతో కూడిన వాతావరణంలో పనిచేయాలన్నది నా లక్ష్యం" అనే వాక్యం, ఆపైన పదో తరగతి నుంచి మార్కుల పట్టిక. మేం ప్రకటనలో అడిగింది రెండో పేజీ అడుగున ఎక్కడో ఉంటుంది, కొన్నిసార్లు అసలు ఉండదు. పని వచ్చిన పిల్లలు కూడా ఇలాగే పంపుతున్నారు. నా కోపం అందుకే.

ఈమధ్య ఆకివీడు అమ్మాయి ఒకతె, మా బంధువుల పిల్ల, వేరే ప్లాంటు వాళ్ల ప్రకటన తీసుకుని నా దగ్గరకు వచ్చింది. క్యూసీ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం. బాధ్యతలు ఈ వరుసలో ఉన్నాయి: ముడి సరుకు రిసీవింగ్ దగ్గర తనిఖీ, యాంటీబయాటిక్ రిపోర్టులు లాట్ల వారీగా భద్రపరచడం, ఆహార భద్రత కోసం పెట్టే హాసప్ రికార్డులు రోజూ పూర్తి చేయడం, ట్రేసబిలిటీ రికార్డులు, హాల్లో శుభ్రత పర్యవేక్షణ, బయ్యర్ ఆడిట్లకు సహకారం. అర్హతలు: మైక్రోబయాలజీ లేదా ఫిషరీస్ డిగ్రీ, ఎక్సెల్ తప్పనిసరి, ఏడాది అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం, షిఫ్టుల్లో పనిచేయాలి, వెంటనే చేరాలి.

ఆ అమ్మాయి రెజ్యూమెలో మొదట కనిపించేది గ్రామ్ స్టెయినింగ్, ప్లేట్ కౌంట్, మీడియా తయారీ. అంటే కాలేజీ ల్యాబులో నేర్చుకున్నదంతా. ప్రకటన మళ్లీ చదవమన్నాను. పరీక్షలు చేయాలని అందులో ఎక్కడా లేదు. రిపోర్టులు భద్రపరచాలని ఉంది. రికార్డు అన్న మాట నేరుగా రెండుసార్లు వచ్చింది, రిపోర్టులు దాచడం, ఆడిట్ కూడా కలిపితే ఆరు బాధ్యతల్లో నాలుగు కాగితాల చుట్టూనే తిరుగుతున్నాయి. ఎక్సెల్ పక్కన "తప్పనిసరి" అని ఉంది, అనుభవం పక్కన "ప్రాధాన్యం" అని మాత్రమే ఉంది. వాళ్లకు ల్యాబు మనిషి కొరత లేదు. ఏ రోజు రికార్డు ఆ రోజే పూర్తిచేసి, ఆడిటర్ అడిగితే తీసి చూపించే మనిషి కావాలి. "వెంటనే" అన్న మాట ఆడిట్ మాటతో కలిసి వచ్చిందంటే, ఉన్న మనిషి వెళ్లిపోయి పని నిలిచిపోయి ఉండొచ్చు. ఇది ఊహే. మన దగ్గర ఏ ప్లాంటులోనైనా తెలిసినవాళ్లు ఒకరుంటారు, అడిగితే ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది. అమ్మాయి అడిగింది, ఊహ సరైనదే.

కాగితాలంటే వాళ్లకు అంత పట్టింపు ఎందుకో తెలిస్తేనే రెజ్యూమెలో ఏం రాయాలో తెలుస్తుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత మందుల ఆనవాళ్లు దొరికితే సరుకు విదేశీ రేవులో ఆగిపోతుంది. అప్పుడు ఆ కార్టన్‌లోని రొయ్య ఏ చెరువుదో, ఏ రోజు వచ్చిందో, దాని టెస్టు రిపోర్టు ఏదో ప్లాంటు చూపించాలి. విదేశీ బయ్యర్లు అడిగే బీఆర్‌సీ ఆహార భద్రతా ప్రమాణంలో ఈ ట్రేసబిలిటీ సమాచారం 4 గంటల్లో తేల్చాలని ఉంది. ఆడిటర్ గోదాంలో ఒక కార్టన్ మీద వేలు పెడతాడు, గడియారం మొదలవుతుంది. ఆ లాట్ కోడ్ నుంచి ఫ్రీజింగ్ రికార్డుకీ, అక్కణ్నుంచి గ్రేడింగ్‌కీ, రిసీవింగ్ రిజిస్టరుకీ, చివరికి చెరువుకీ వెనక్కి వెళ్లాలి. మధ్యలో ఒక రోజు పేజీ ఖాళీగా ఉన్నా దారి అక్కడే తెగిపోతుంది.

ఆ అమ్మాయి ఎనిమిది నెలలు ఒక ప్లాంటులో ట్రైనీగా చేసింది. రెజ్యూమెలో దాని గురించి ఉన్నది ఒక్కటే ముక్క: "నాణ్యతా పరీక్షలు చేయడం, రిపోర్టులు తయారుచేయడం." రోజూ పొద్దున వెళ్లగానే ఏం చేసేదానివమ్మా అని అడిగాను. చెప్పడం మొదలుపెట్టింది. బండి రాగానే ఐసు సరిపోయిందో లేదో చూసేదట. రొయ్యలో ప్రోబ్ థర్మామీటర్ గుచ్చి 4 డిగ్రీల లోపు ఉందో లేదో చూసేది, ఎక్కువుంటే సూపర్‌వైజర్ని పిలిచి ఆ లాటును పక్కన పెట్టించేది. చెరువు వివరం, కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయనే కౌంట్, టెస్టు రిపోర్టు నంబరు రిజిస్టరులో రాసి, సాయంత్రం అన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించేది. ఒక బయ్యర్ ఆడిట్‌లో రిసీవింగ్ ఫైళ్లు తీసిచ్చింది కూడా తనే. ప్రకటన అడిగినదంతా ఈ పిల్ల చేతిలో ఉంది, కాగితం మీద మాత్రం లేదు!

అప్పుడు కూర్చుని తిరగరాశాం. లక్ష్యం తీసేశాం. ఫొటో, హాబీలు తీసేశాం. పేరు కింద మొదటి నాలుగు లైన్లూ ఇలా వచ్చాయి:

"రొయ్యల ప్లాంటులో ఎనిమిది నెలలు రిసీవింగ్ క్యూసీ. ప్రతి లాటుకూ ఉష్ణోగ్రత, కౌంట్, చెరువు వివరం, యాంటీబయాటిక్ రిపోర్టు నంబరు నమోదు. రోజువారీ రిసీవింగ్ షీట్ ఎక్సెల్‌లో నిర్వహణ. బయ్యర్ ఆడిట్‌లో రిసీవింగ్ రికార్డులు చూపించిన అనుభవం."

వాళ్లు వాడిన మాటలే వాడాం, వాళ్లు పెట్టిన వరుసే పెట్టాం. ల్యాబు నైపుణ్యాలు అడుగున ఒక్క లైనుకి దిగాయి. పైన నాలుగు లైన్లే ఎందుకంటే, ఇక్కడి మేనేజర్లలో చాలామంది రెజ్యూమె చదివేది వాట్సాప్‌లో, హాలు బయట నిలబడి. ఫోన్ తెరమీద వేలు కదపకుండా కనిపించేది అంతే.

"బాబాయ్ గారూ, ఏడాది లేదు కదండీ, ఏడాది అని రాసేయనా?" అంది. వద్దన్నాను, గట్టిగానే. అది ప్రాధాన్యం అన్నారు గాని తప్పనిసరి అనలేదు, ఎనిమిది నెలలని రాసి పంపితే తప్పేం లేదు. అదే డిగ్రీ లేకపోతే పంపొద్దనేవాణ్ని. హాసప్ విషయంలోనూ అంతే. ఆమె రికార్డులు నింపింది, ప్లాన్ రాయలేదు. "హాసప్ అమలు" అని రాసుంటే, నాలాంటివాడు "మీ దగ్గర క్రిటికల్ పాయింట్లు ఏవి, లిమిట్ దాటితే ఏం చేశారు?" అని ఒక్క ప్రశ్న వేస్తాడు, అక్కడితో ఇంటర్వ్యూ అయిపోతుంది. "హాసప్ రికార్డుల నమోదు" అని రాశాం. అదే ప్రశ్న వచ్చినా థర్మామీటర్ సంగతీ, లాటు ఆపించిన సంగతీ చెప్పుకోగలదు.

ఇంకో విషయం. షిఫ్టుల మాట ప్రకటన చివర్లో ఒక్క ముక్కగా ఉంది గాని, చాలా ప్లాంట్లలో మనుషులు మానేసేది అక్కడే. పంట పట్టిన రాత్రి బండ్లు ఏ వేళకైనా వస్తాయి. దూరం నుంచి వచ్చేవాళ్లు రెండు నెలలకు మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది, ఆ భయం మేనేజర్‌కి ఎప్పుడూ ఉంటుంది. అందుకే "నైట్ షిఫ్టుకు సిద్ధం, భీమవరంలో హాస్టల్‌లో ఉంటున్నాను, వారంలో చేరగలను" అని ఫోన్ నంబరు పక్కనే పెట్టించాను. ఇవి నిజం కాబట్టే పెట్టించాను.

తెలిసినవాళ్ల ద్వారా నిండిపోయే ఉద్యోగాలు ఇక్కడ చాలానే ఉన్నాయి, వాటి ముందు ఏ రెజ్యూమె అయినా నిలవదు. ఇది మాత్రం అలాంటిది కాదు, పిలుపు వచ్చింది. వాళ్లు మొదట అడిగింది ఆడిట్ గురించేనట.

ఇక బాధ్యతలే రాయకుండా "అర్జెంట్, మంచి జీతం" అని మాత్రమే ఉండే ప్రకటనలు వస్తుంటాయి. వాటికి రెజ్యూమె దిద్దడానికి ఆధారమే లేదు. ఫోన్ చేసి, "చేరగానే నాకు అప్పగించే పని ఏమిటండీ?" అని అడగండి. చెప్తే నోట్ చేసుకుని, దాన్నిబట్టి రాసుకోండి. చెప్పలేకపోతే పంపకండి.